ఆరు లైన్ల రీఫండ్

ఆన్‌లైన్‌లో కొన్న చీర రంగు ఫొటోలో ఒకలా ఉంది, చేతికొచ్చాక ఇంకోలా ఉంది. తిప్పి పంపేశారు. రెండు రోజులకు ‘మీ డబ్బు వాపసు చేస్తున్నాం’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. కొన్నవాళ్లకు కథ అక్కడితో ముగిసినట్టే. అమ్మిన కంపెనీ సర్వర్లో మాత్రం అప్పుడే మొదలవుతుంది. కస్టమర్ కేర్ ఉద్యోగి ఒక బటన్ నొక్కుతాడు, దాని వెనకున్న ప్రోగ్రామ్ నడుస్తుంది, కంపెనీ డబ్బు బయటికి వెళ్తుంది.

ఆ ప్రోగ్రామ్ రాసిన మనిషే దాన్ని నేరుగా వాడకంలో పెట్టేయడానికి కుదరదు. ఇంకో ఇంజినీరు దాన్ని లైను లైనూ చదివి, ప్రశ్నలు అడిగి, సరేనన్న తర్వాతే అది సర్వర్‌కి ఎక్కుతుంది. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో దీన్ని కోడ్ రివ్యూ అంటారు. బటన్ రంగు మార్చే కోడ్ అయితే రివ్యూ ఇట్టే తేలిపోతుంది. తప్పు జరిగినా మర్నాడు సరిచేసుకోవచ్చు. డబ్బు విషయంలో అలా కాదు. పొరపాటున రెండుసార్లు వెళ్లిన సొమ్ము వెనక్కి రావాలంటే అవతలి మనిషి ఒప్పుకోవాలి. అందుకే పేమెంట్ల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ‘ఇది రన్ అవుతోందా’ అన్న ప్రశ్న దగ్గర ఆగరు. ఏం చూస్తారో తెలియాలంటే ఒక చిన్న ఉదాహరణను దగ్గరగా చూడటమే మేలు. రీఫండ్ ఇచ్చే కోడ్ ఇది:

```python
def refund(order_id, amount):
    order = db.get(order_id)
    if order.refunded + amount <= order.paid:
        gateway.refund(order.payment_id, amount)
        order.refunded += amount
        db.save(order)
```

ప్రోగ్రామింగ్ రానివాళ్లకూ ఇది అర్థమవుతుంది. ముందు ఆర్డర్ వివరాలు తెస్తుంది. ఇప్పటిదాకా వాపసిచ్చినదానికి ఇప్పుడు ఇవ్వబోయేది కలిపితే కస్టమర్ కట్టిన మొత్తాన్ని దాటుతుందేమో చూస్తుంది. దాటకపోతే, డబ్బు పంపమని పేమెంట్ గేట్‌వేకి చెబుతుంది. గేట్‌వే అంటే మన దగ్గర రేజర్‌పే, బయటి దేశాల్లో స్ట్రైప్ లాంటి మధ్యవర్తి సంస్థ. ఆ తర్వాత వాపసిచ్చిన లెక్కను పెంచి, డేటాబేస్‌లో రాసేస్తుంది.

రాసిన కుర్రాడు దీన్ని పరీక్షించే పంపాడనుకుందాం. రూ.1,200 ఆర్డర్‌కి రూ.600 వాపసు అడిగితే ఇచ్చింది. రూ.1,300 అడిగితే ఇవ్వనంది. టెస్టులన్నీ పాసయ్యాయి. చూడబోతే ఎంతో పొందికైన కోడ్. అనుభవమున్న రివ్యూయర్ చేతిలో పడితే మాత్రం ఈ ఆరు లైన్లకు అరడజను కామెంట్లు వస్తాయి.

ముందు అంకెల సంగతి

మొదటి ప్రశ్న `amount` గురించే. అందులో ఏమేం రావచ్చు? మైనస్ 500 వస్తే? మైనస్ అంకెను కలిపితే మొత్తం తగ్గుతుంది కాబట్టి మూడో లైన్లోని కాపలా దాన్ని హాయిగా లోపలికి వదిలేస్తుంది. గేట్‌వేలు మైనస్ రీఫండ్‌ని తిప్పికొడతాయి. కానీ డబ్బు వెళ్లేది కంపెనీ సొంత వాలెట్‌లోకైతే అడ్డుకునేవాళ్లు ఉండరు. కస్టమర్ వాలెట్‌లోంచి 500 తగ్గుతుంది, వాపసిచ్చిన లెక్క కూడా తగ్గుతుంది. ఆ తర్వాత కట్టినదానికన్నా ఎక్కువే వాపసు ఇవ్వడానికి దారి తెరుచుకుంటుంది. ‘సున్నాకన్నా ఎక్కువ ఉండాలి’ అనే ఒక్క షరతు చేరిస్తే ఈ గొడవ ఉండదు. అయినా అది లేని కోడ్ రివ్యూకి రావడం మామూలే. ఎందుకంటే రాసేటప్పుడు మైనస్ రీఫండ్ అన్న ఆలోచనే ఎవరికీ రాదు.

రెండో ప్రశ్న, ఆ అంకెను కంప్యూటర్ ఎలా దాచుకుంటోంది? దశాంశాలను మామూలు పద్ధతిలో, అంటే ఫ్లోట్‌గా పెడితే జరిగేది ఇదీ:

```python
>>> 1.1 + 2.2
3.3000000000000003
```

కంప్యూటర్ అంకెలను రెండు గుర్తులతోనే రాసుకుంటుంది. 1.1, 2.2 లాంటివి ఆ పద్ధతిలో కచ్చితంగా ఇమడవు. చివరెక్కడో ఓ పిసరు తేడా మిగిలిపోతుంది. కస్టమర్ రూ.3.30 కట్టాడనుకోండి. ముందు రూ.1.10 వాపసు ఇచ్చారు. మిగిలిన రూ.2.20 అడిగితే పై కోడ్ ఇవ్వనంటుంది. రెండూ కలిపితే 3.3 దాటిందని దాని లెక్క. న్యాయంగా రావాల్సిన డబ్బు ఎందుకు ఆగిందో కస్టమర్ కేర్‌లో ఎవరికీ అంతుపట్టదు. పెద్ద మొత్తాల్లోనూ ఇలాంటి జంటలు తగులుతుంటాయి. ఎప్పుడు తగులుతాయో ముందుగా చెప్పడం కష్టం కాబట్టి టెస్టుల్లో దొరకవు.

దీనికి మందు పాతదే. రూపాయల్లో కాకుండా పైసల్లో లెక్కపెట్టాలి. 110కి 220 కలిపితే 330, అంతే. రేజర్‌పే, స్ట్రైప్ కూడా మొత్తాన్ని అతి చిన్న నాణెంలోనే అడుగుతాయి. ఐదొందల రూపాయలంటే 50000 అని పంపాలి. అయితే రూపాయలను పైసల్లోకి మార్చే చోట ఇంకో గుంట ఉంది. `19.99 * 100` అని గుణించి పూర్ణాంకంగా మారిస్తే పైథాన్‌లో 1998 వస్తుంది, 1999 కాదు. గుణకారం ఫలితం 1998.9999999999998 కావడమూ, `int` దశాంశాన్ని కత్తిరించేయడమూ దీనికి కారణం. అందుకని ‘పైసల్లోకి మార్చాం’ అన్నంత మాత్రాన రివ్యూయర్ ఊరుకోడు. ఎక్కడ మార్చారు, ఎలా మార్చారు అని చూస్తాడు. గల్ఫ్‌లోనూ అమ్మే కంపెనీ అయితే వందతో గుణించడమే తప్పు కావచ్చు. కువైట్ దినార్‌కి వెయ్యి ఫిల్సులు. జపాన్ యెన్‌కి చిన్న నాణెమే లెక్కలో లేదు.

ఇద్దరు ఒకేసారి నొక్కితే

అంకెల లోపాలు ఒక్కో లైన్లో కనిపిస్తాయి. అసలు ప్రమాదాలు లైనుకీ లైనుకీ మధ్య ఉంటాయి. పేమెంట్ కోడ్ చదివేవాళ్ల పద్ధతి ఇక్కడే మామూలు రివ్యూకి భిన్నంగా ఉంటుంది. ప్రతి రెండు లైన్ల మధ్యా ఆగి రెండు ప్రశ్నలు వేస్తారు: సరిగ్గా ఇక్కడ ఇంకొకరు ఇదే పని మొదలుపెడితే ఏమవుతుంది? సరిగ్గా ఇక్కడ సర్వర్ పడిపోతే ఏమవుతుంది?

మొదటి ప్రశ్నను మన కోడ్‌కి వేద్దాం. ఆర్డర్ రూ.1,200. అందులో రూ.600 వస్తువు ఒకటి తిరిగొచ్చింది. కస్టమర్ కేర్‌లో ఒకరు రీఫండ్ నొక్కారు. అదే క్షణంలో గోదాములో వస్తువు అందిందని స్కాన్ చేయగానే ఆటోమేటిక్‌గా అదే రీఫండ్ కోసం ఇంకో అభ్యర్థన వచ్చింది. రెండూ ఆర్డర్‌ను చదివాయి. రెండింటికీ వాపసిచ్చింది సున్నా అనే కనిపించింది. రెండూ షరతు దాటాయి. గేట్‌వేకి రెండు ఆదేశాలు వెళ్లాయి. కట్టిన మొత్తాన్ని మించితే గేట్‌వే ఆపేది. ఇక్కడ రెండు ఆరువందలు కలిపినా 1,200 దాటవు కాబట్టి రెండింటినీ ఇచ్చేసింది.

చివర్లో జరిగేది ఇంకా ఘోరం. మొదటిది ‘సున్నా ప్లస్ 600’ అని రాసి దాచింది. రెండోదీ అదే రాసి దాచింది. బయటికి వెళ్లింది రూ.1,200, కంపెనీ పుస్తకంలో ఉన్నది రూ.600. తప్పు జరిగిన ఆనవాలు కూడా కంపెనీ డేటాబేస్‌లో మిగల్లేదు.

ఈ తరహా లోపంతో ఒక సంస్థ మూతపడిన సంగతి రికార్డుల్లో ఉంది. ఫ్లెక్స్‌కాయిన్ అనే బిట్‌కాయిన్ నిల్వ సంస్థ నుంచి 2014 మార్చిలో 896 బిట్‌కాయిన్లు పోయాయి. అప్పటి విలువ దాదాపు 6 లక్షల డాలర్లు. ఖాతాదారులు ఒకరికొకరు నాణేలు పంపుకునే కోడ్‌లోనే లోపం ఉందని ఆ సంస్థ చెప్పింది. దొంగ వేల అభ్యర్థనలను ఒక్కసారిగా పంపాడు. మొదటిదాని వల్ల నిల్వ తగ్గేలోపే మిగతావన్నీ పాత నిల్వను చూసి దాటిపోయాయి. పోయిన సొమ్మును భరించే స్తోమత లేక సంస్థ మూసేసింది. విడిగా నడిపి చూస్తే ఆ కోడ్ కూడా సరిగ్గానే పనిచేసి ఉంటుంది.

రివ్యూయర్ ఇక్కడ అడిగే మార్పు ఏమిటంటే, చూడటం, మార్చడం రెండు పనులుగా ఉండకూడదు. డేటాబేస్‌కే ఒక్క మాటలో చెప్పాలి:

```sql
UPDATE orders
SET refunded = refunded + 60000
WHERE id = 'A1' AND refunded + 60000 <= paid;
```

షరతు సరిపోతేనే లెక్క మారుతుంది, మారిందో లేదో డేటాబేస్ తిరిగి చెబుతుంది. మారిన వరుసల సంఖ్య ఒకటైతే ముందుకు వెళ్లాలి, సున్నా అయితే ఆగిపోవాలి. రెండు అభ్యర్థనలు ఒకేసారి వచ్చినా డేటాబేస్ వాటిని ఒకదాని వెనక ఒకటి నిలబెడుతుంది. ఇంత మంచి మార్పు చేశాక కూడా అనుభవమున్నవాళ్లు వెంటనే తృప్తిపడరు. ‘ఆ తిరిగొచ్చిన సంఖ్యను కోడ్ నిజంగా చూస్తోందా?’ అని అడుగుతారు. చూడకుండా కింది లైనుకి వెళ్లిపోయే కోడ్‌కి ఈ షరతు ఉన్నా లేనట్టే.

ఇంకో మెలిక ఉంది. పై ఉదాహరణలో రెండో ఆరువందలు కూడా షరతుకు లోబడే ఉంది. ఒకదాని వెనక ఒకటి వచ్చినా రెండూ దాటిపోతాయి! లెక్క ఇప్పుడు నిజాన్ని చెబుతుంది, కానీ డబ్బు మాత్రం రెండుసార్లు వెళ్లింది. ఒకే వస్తువు కోసం వచ్చిన రెండు అభ్యర్థనలు ‘ఒకటే పని’ అని గుర్తుపట్టే ఉపాయం కోడ్‌లో లేదు. ఆ ఉపాయం ఎంత అవసరమో తర్వాతి ప్రశ్నలో తేలుతుంది.

జవాబు రాకపోతే

ఇప్పుడు రెండో ప్రశ్న: ‘సరిగ్గా ఇక్కడ పడిపోతే?’ మన కోడ్‌లో గేట్‌వేని పిలిచే లైన్ ఉంది. ఆదేశం వెళ్లింది. ముప్పై సెకన్లు చూసినా జవాబు రాలేదు. టైమ్ అవుట్.

కొత్తగా పేమెంట్ల వైపు వచ్చినవాళ్లు దీన్ని ‘ఫెయిల్’ కింద రాసేస్తారు. నిజానికి ఇక్కడ మూడు అవకాశాలున్నాయి. ఆదేశం అక్కడికి చేరకపోయి ఉండవచ్చు. చేరి, ఇంకా పని నడుస్తూ ఉండవచ్చు. చేరి, డబ్బు వెళ్లిపోయి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. ఇవతలి నుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. మన ఆరు లైన్ల కోడ్ అక్కడే ఆగిపోతుంది. కింది రెండు లైన్లూ నడవవు కాబట్టి పుస్తకంలో ఏమీ చేరదు. తెరమీద ఎర్రర్ చూసిన ఉద్యోగి మళ్లీ నొక్కుతాడు. మూడో అవకాశమే నిజమైతే రెండో రీఫండ్ కూడా వెళ్లినట్టే.

అందుకే పేమెంట్ కోడ్‌లో ఒక లావాదేవీకి ‘అయింది’, ‘కాలేదు’ అనే రెండు స్థితులే కనిపిస్తే రివ్యూయర్ అక్కడే ఆపేస్తాడు. ‘తెలియదు’ అనే మూడో స్థితి ఉండి తీరాలి. పని వరస కూడా మారాలి. మన కోడ్ ముందు డబ్బు పంపి, తర్వాత రాసుకుంటోంది. దాన్ని తిరగేయాలి. ముందు ‘ఈ ఆర్డర్‌కి, ఈ వస్తువుకి, ఇంత రీఫండ్ ఇవ్వబోతున్నాం, ఇంకా తేలలేదు’ అని ఒక వరుస రాసుకోవాలి. దానికో సొంత నంబరు ఇవ్వాలి. ఒకే వస్తువుకి రెండో వరుస పడకుండా డేటాబేస్‌లోనే నిబంధన పెట్టాలి. దాంతో గోదాము అభ్యర్థన, కస్టమర్ కేర్ అభ్యర్థన గుద్దుకున్నా ఒకటే నిలుస్తుంది. పైన చెప్పిన షరతుతో లెక్కలో ఆ మొత్తాన్ని పక్కకు తీయడమూ ఇదే విడతలో జరగాలి. ఇవన్నీ డేటాబేస్‌లో భద్రంగా పడ్డాకే గేట్‌వేని పిలవాలి. జవాబు రాకపోతే వరుస ‘తేలలేదు’ దగ్గరే ఉంటుంది. కొన్ని నిమిషాల తర్వాత ఇంకో ప్రోగ్రామ్ వచ్చి, ‘ఈ నంబరు రీఫండ్ సంగతేంటి?’ అని గేట్‌వేని అడిగి తేలుస్తుంది. పక్కకు తీసిన మొత్తాన్ని వెనక్కి వేయడం, గేట్‌వే స్పష్టంగా ‘కాలేదు’ అని చెప్పినప్పుడే.

ఇదంతా ఎందుకు, జవాబు వచ్చేదాకా డేటాబేస్‌లో ఆ ఆర్డర్‌కి తాళం వేసి పెట్టుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. పెట్టుకోవచ్చు. గేట్‌వే నెమ్మదించిన రోజున అలాంటి తాళాలు వందల్లో పేరుకుంటాయి, డేటాబేస్ కనెక్షన్లు అయిపోతాయి, రీఫండ్లతో సంబంధం లేని కొత్త ఆర్డర్లు కూడా ఆగిపోతాయి. బయటి సంస్థను పిలిచే లైన్ డేటాబేస్ లావాదేవీ లోపల ఉంటే రివ్యూయర్లు గుర్తు పెట్టేది అందుకే.

నంబరు ఎక్కడ పుట్టింది?

ఆ సొంత నంబరుకి ఇంకో పెద్ద పని ఉంది. దాన్ని గేట్‌వేకి కూడా పంపితే, ‘ఈ నంబరు మీద ఇప్పటికే పని చేశాం’ అని గేట్‌వే గుర్తుపట్టి, రెండోసారి డబ్బు పంపకుండా పాత జవాబునే తిరిగిస్తుంది. దీన్ని ఐడెంపొటెన్సీ కీ అంటారు. స్ట్రైప్‌లో ఇది `Idempotency-Key` అనే హెడర్‌గా వెళ్తుంది. అదే కీతో మొత్తం మార్చి పంపితే స్ట్రైప్ తప్పని చెప్పి తిప్పికొడుతుంది.

‘కీ పెట్టాం’ అనగానే సగం మంది రివ్యూయర్లు సరే అనేస్తారు. మిగతా సగం, ఆ కీ ఏ లైన్లో పుట్టిందో వెతుకుతారు. ఈ కోడ్ చూడండి:

```python
for attempt in range(3):
    key = uuid4()
    gateway.refund(payment_id, amount, key)
```

మూడుసార్లు ప్రయత్నిస్తోంది, ప్రతిసారీ కీ పంపుతోంది. అంతా బాగానే ఉన్నట్టుంది. కానీ కీ పుట్టేది లూప్ లోపల. ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ వస్తుంది కాబట్టి గేట్‌వేకి అవి మూడు వేర్వేరు రీఫండ్లు. పైగా మొదటిది సవ్యంగా జరిగినా లూప్ ఆగదు! కీ పుట్టాల్సింది రీఫండ్ ఇవ్వాలని నిర్ణయించిన చోట, ఒక్కసారే. సర్వర్ పడిపోయి లేచినా పోకుండా డేటాబేస్‌లో ఉండాలి. కీ పుట్టే ఆ ఒక్క లైన్‌ని లూప్ పైకి జరపడమే మొదటి మార్పు.

కీకి కాలపరిమితి కూడా ఉంటుంది. స్ట్రైప్ తన పత్రాల్లో కీలను కనీసం 24 గంటలయ్యాక తీసేయవచ్చని చెప్పింది. శుక్రవారం రాత్రి ఆగిన రీఫండ్‌ని సోమవారం పొద్దున అదే కీతో మళ్లీ పంపితే గేట్‌వే దాన్ని కొత్త ఆదేశంగా తీసుకోవచ్చు. కాబట్టి పాతబడినవాటిని మళ్లీ పంపకుండా, ముందు గేట్‌వేని అడిగి తెలుసుకోవాలి. మళ్లీ ప్రయత్నించే కోడ్ ఎన్ని గంటలపాటు ప్రయత్నిస్తుందో రివ్యూయర్లు లెక్క అడిగేది ఇందుకే.

రెండోసారి వెళ్లిన డబ్బు ఎంత తలనొప్పో బ్రిటన్‌లోని శాంటాండర్ బ్యాంకుకి తెలుసు. 2021 క్రిస్మస్ రోజున ఆ బ్యాంకు సుమారు 2,000 కంపెనీల ఖాతాల నుంచి వెళ్లాల్సిన జీతాలు, చెల్లింపులను రెండుసార్లు పంపింది. దాదాపు 75,000 చెల్లింపులు, మొత్తం 13 కోట్ల పౌండ్లు. రెండోసారి వెళ్లింది బ్యాంకు సొంత డబ్బు. షెడ్యూలింగ్ సమస్య అని బ్యాంకు వివరణ ఇచ్చింది. ఆ సొమ్ము చాలావరకు వేరే బ్యాంకుల ఖాతాల్లో పడటంతో వెనక్కి రాబట్టడానికి ఆ బ్యాంకులను బతిమాలుకోవాల్సి వచ్చింది.

సరే అన్నారు, ఇచ్చారా?

గేట్‌వే నుంచి ‘సరే’ అని జవాబు వచ్చినా పని పూర్తయినట్టు కాదు. ఆదేశాన్ని అందుకున్నామని మాత్రమే దానర్థం కావచ్చు. డబ్బు కస్టమర్ బ్యాంకుకి చేరడానికి రోజులు పడుతుంది, మధ్యలో విఫలమూ కావచ్చు. ఖాతా మూసేసి ఉండవచ్చు, కార్డు రద్దయి ఉండవచ్చు. తర్వాత ఏమైందో గేట్‌వే తనంతట తాను కంపెనీ సర్వర్‌కి కబురు పంపుతుంది. ఈ కబురునే వెబ్‌హుక్ అంటారు.

ఆ కబురు అందుకునే కోడ్‌ని రివ్యూయర్లు అనుమానంతోనే చదువుతారు. దాని చిరునామా ఇంటర్నెట్‌లో ఎవరికైనా అందేదే. ‘మీ రీఫండ్ విఫలమైంది’ అని దొంగ కబురు పంపితే, మన కోడ్ పక్కకు తీసిన డబ్బును వెనక్కి వేసి, ఇంకోసారి రీఫండ్‌కి దారి ఇస్తుంది. అందుకని గేట్‌వే ప్రతి కబురుకీ ఒక సంతకం జతచేస్తుంది. రేజర్‌పే అయితే అది `X-Razorpay-Signature` అనే హెడర్‌లో వస్తుంది. కంపెనీకీ రేజర్‌పేకీ మాత్రమే తెలిసిన రహస్యంతో దాన్ని సరిచూడాలి. సరిచూసేటప్పుడు కబురు వచ్చిన రూపంలోనే, అక్షరం మారకుండా తీసుకోవాలి. విప్పి, మళ్లీ పేర్చి లెక్కిస్తే ఒక ఖాళీ చోటు తేడా వచ్చినా సంతకం కుదరదు. అలా కుదరక విసిగిపోయి, ‘తాత్కాలికంగా’ ఆ పరిశీలనను ఆపేసిన లైన్ రివ్యూలో కనిపిస్తే ఎంత అర్జెంటు పనైనా వెనక్కి పంపాల్సిందే.

కబుర్లు ఒకటికి రెండుసార్లు రావచ్చు, వరస తప్పి కూడా రావచ్చు. ‘పూర్తయింది’ అన్న కబురు వచ్చాక, ఆలస్యమైన ‘నడుస్తోంది’ కబురు రావచ్చు. చివర వచ్చిందే నిజమని రాసేసుకునే కోడ్ పూర్తయిన రీఫండ్‌ని మళ్లీ తేలనిదిగా మార్చేస్తుంది. ఏ స్థితి నుంచి ఏ స్థితికి మారవచ్చో కోడ్‌లోనే గిరిగీసి ఉండాలి.

రెండు సంస్థల మధ్య ‘అయింది’, ‘కాలేదు’ల విషయంలో పొంతన లేకపోతే ఏమవుతుందో మన దేశంలోనే జరిగింది. 2023 నవంబరు 10 నుంచి 13 వరకు యూకో బ్యాంకులో 41,000కు పైగా ఖాతాల్లో ఐఎంపీఎస్ ద్వారా సుమారు రూ.820 కోట్లు పడ్డాయి. పంపినట్టు కనిపించిన బ్యాంకుల్లోని ఖాతాల్లో మాత్రం డబ్బు తగ్గలేదు. అక్కడ విఫలమైన లావాదేవీలు ఇక్కడ జమ అయినట్టు నమోదయ్యాయి. ఖాతాల్లో నిలుపుదల పెట్టి, వారం తిరక్కుండానే రూ.649 కోట్లు రాబట్టామని బ్యాంకు ప్రకటించింది. కొందరు ఖాతాదారులు అప్పటికే డబ్బు తీసేసుకున్నారు. సీబీఐ కేసు పెట్టాల్సి వచ్చింది.

తెర మీదికి రాని లైన్లు

రివ్యూయర్‌కి కనిపించేది మారిన లైన్లే. చాలా లోపాలు రాయని లైన్లలో ఉంటాయి. మన ఆరు లైన్ల కోడ్‌లో, రీఫండ్ అడుగుతున్నది ఎవరన్న ప్రశ్నే లేదు. ఒక కస్టమర్ తన ఆర్డర్ నంబరు బదులు పక్కవాళ్ల నంబరు పెడితే? కస్టమర్ కేర్ ఉద్యోగి ఒక్కడే ఎంతైనా ఇవ్వొచ్చా, ఒక హద్దు దాటితే ఇంకొకరి ఆమోదం కావాలా? ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో ఇచ్చారో రాసుకునే చోటు కూడా లేదు.

రాసుకోకూడనివి రాసుకుంటున్నారా అన్నది దీనికి తిరగేసిన ప్రశ్న. తప్పు ఎక్కడుందో వెతకడానికి ఇంజినీర్లు కోడ్‌లో లాగ్ లైన్లు పెడతారు. ‘గేట్‌వేకి పంపిందంతా లాగ్‌లో రాయి’ అన్న ఒక్క లైను చాలు, కార్డు నంబర్లు మామూలు ఫైళ్లలోకి చేరిపోతాయి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకులు, కార్డు నెట్‌వర్కులు తప్ప మరెవరూ అసలు కార్డు వివరాలు దాచకూడదు. లాగ్ ఫైలుకు మినహాయింపు లేదు.

ఇంత చూసినా కొన్ని తప్పులు దాటిపోతాయి. డేటాబేస్ ఏ స్థాయి రక్షణతో నడుస్తోందో, గేట్‌వే రేపు ఏం మారుస్తుందో కోడ్ చదివితే తెలియదు. అందుకే రివ్యూ చివర్లో అడిగే ప్రశ్న కోడ్ గురించి కాదు, ‘ఇది తప్పితే మనకెప్పుడు తెలుస్తుంది?’ అని. జవాబు ‘కస్టమర్ ఫోన్ చేస్తే’ అయితే చాలదు. రెండుసార్లు డబ్బు అందుకున్నవాళ్లు ఫోన్ చేయరు. గేట్‌వే రోజూ ఇచ్చే లావాదేవీల ఫైలునూ, కంపెనీ పుస్తకాన్నీ వరుస వరుసకూ పోల్చే ప్రోగ్రామ్ ఉండాలి. దాన్ని రీకన్సిలియేషన్ అంటారు. అక్కడ ఉండి ఇక్కడ లేనివి, ఇక్కడ ఉండి అక్కడ లేనివి, మొత్తాలు కుదరనివి మర్నాడు పొద్దునకల్లా ఒక మనిషి ముందుకు రావాలి. ఇందాక రూ.1,200 వెళ్లి రూ.600 అని రాసుకున్న తప్పు దొరికేది ఇక్కడే.

ఈ కామెంట్లన్నీ తీరాక ఆ ఆరు లైన్ల రీఫండ్ ఒక చిన్న పేజీ అవుతుంది. టెస్టులూ మారతాయి. రూ.1,300 ఇవ్వనంటుందో లేదో చూసే టెస్టు పక్కన, గేట్‌వే జవాబు మధ్యలో తెంపేసే టెస్టు, ఇరవై అభ్యర్థనలు ఒకేసారి పంపే టెస్టు, ఒకే కబురు రెండుసార్లు ఇచ్చే టెస్టు చేరతాయి.

మీ డబ్బే మధ్యలో ఆగితే

కొనేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. తెర మీద ‘ప్రాసెసింగ్’ అని ఆగిపోయిందంటే అది పైన చెప్పిన ‘తెలియదు’ స్థితి కావచ్చు. కంగారుపడి మళ్లీ కట్టకండి. ముందు బ్యాంకు ఖాతా చూసుకోండి. యూపీఐలో దుకాణానికి కట్టిన డబ్బు ఖాతాలోంచి పోయి, అక్కడ చేరినట్టు ధ్రువీకరణ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. మనుషుల మధ్య పంపుకున్న డబ్బయితే గడువు ఒక్కరోజే. గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది. ఇది విఫలమైన లావాదేవీలకే, వస్తువు తిప్పి పంపిన రీఫండ్లకు కాదు. రీఫండ్ ‘ఇచ్చేశాం’ అని కంపెనీ చెప్పినా ఖాతాలో పడకపోతే, కార్డుకైతే ఏఆర్ఎన్ నంబరు, యూపీఐకైతే ఆర్ఆర్ఎన్ నంబరు అడిగి తీసుకోండి. ఆ నంబరు పట్టుకుని వెళ్తే డబ్బు ఎక్కడ ఆగిందో మీ బ్యాంకు వెతికి చెప్పగలదు.